మిషన్‌కి బ్యాంకు 75 శాతం లోన్ ఇస్తోంది, డిస్కౌంట్ రేటు ఎంత పెట్టాలి?

చీమకుర్తి_స్లాబ్స్ · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో మాకు గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్. బ్లాక్ గెలాక్సీ స్లాబులే ఎక్కువ. ఇప్పుడు మల్టీ వైర్ మిషన్ ఒకటి కొందామని మాట్లాడుతున్నాం. జీఎస్‌టీ క్రెడిట్ తీసేస్తే 6 కోట్లు అవుతుంది. బ్యాంకు 4.5 కోట్లు ఇస్తానంది, 10.5 శాతం వడ్డీ. మిగతా 1.5 కోట్లు మేం పెట్టుకోవాలి. మిషన్ వల్ల పన్ను పోను ఏటా 1.10 కోట్లు అదనంగా మిగులుతుందని లెక్క, పదేళ్లకి.

సమస్య ఏంటంటే, మా లెక్కలు చూసే ఆయన డబ్ల్యూఏసీసీ, అంటే అప్పు, సొంత డబ్బు రెండింటి సగటు ఖర్చు, 10 శాతం వేశారు. పదేళ్ల డబ్బుని ఆ రేటుతో ఈ రోజు విలువకి తెచ్చి మిషన్ ధర తీసేస్తే మిగిలే ఎన్‌పీవీ 76 లక్షలు ప్లస్ వచ్చింది, కొనేయండి అంటున్నారు. మా బావ హైదరాబాద్‌లో ఫైనాన్స్‌లో చేస్తాడు, 13కి తక్కువ పెట్టకూడదు అంటున్నాడు. 13 పెడితే 3 లక్షలు మైనస్ వస్తోంది. రేటు 3 శాతం మారితే కొనాలా వద్దా అన్నదే మారిపోతోంది. ఇద్దరూ వాళ్ల మాట మీదే ఉన్నారు. ఎవరి లెక్క కరెక్టో కాస్త చెప్పండి.

సింహపురి_ట్రేడర్ · సోమవారం రాత్రి 9:31

తమ్ముడూ, ఎక్స్‌పోర్ట్ బిల్లు డిస్కౌంట్ చేయించుకుంటే 10 శాతం అంటే ఎక్కువే. మేం ముత్తుకూరు రోడ్డులో ఉంటాం, మాకు ఇంకా తక్కువకే చేస్తున్నారు. ఎల్‌సీ ఉంటే ఇంకో బ్యాంకులో కూడా అడిగి చూడు. 13 అన్నవాడి దగ్గరికి అసలు పోవద్దు.

చీమకుర్తి_స్లాబ్స్ · సోమవారం రాత్రి 9:40

అన్నా, బిల్లు డిస్కౌంటింగ్ కాదు. రాబోయే పదేళ్ల డబ్బుని ఈ రోజు విలువకి తేవడానికి వాడే రేటు గురించి అడిగాను.

సింహపురి_ట్రేడర్ · సోమవారం రాత్రి 9:44

ఓహో. అది మన సబ్జెక్టు కాదులే. అయినా చదువుతుంటా.

ఒంగోలు_అకౌంట్స్ · సోమవారం రాత్రి 10:05

10 ఎలా వచ్చిందో నేను చెప్తా. లోన్ 75 శాతం, సొంత డబ్బు 25 శాతం. 10.5 వడ్డీలో పన్ను ఆదా తీసేస్తే (మీది 25.17 శాతం పన్ను స్కీమే అనుకుంటున్నా) 7.86 పడుతుంది. ఈక్విటీకి 16.5 దాకా వేసి ఉంటారు. 0.75, 0.25తో కలిపితే 10.

నా ఉద్దేశంలో అది కొంచెం తప్పు. ఒక్క మిషన్‌కి ఎలా ఫండింగ్ అయిందో చూడకూడదు, కంపెనీ మొత్తం బ్యాలెన్స్ షీట్ చూడాలి. మీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పు ఎంత, షేర్ క్యాపిటల్, రిజర్వులు కలిపి ఎంత? ఆ నిష్పత్తి పెట్టండి, సరిపోతుంది. ఇక్కడ పది యూనిట్లకి నేను ఇలాగే చేస్తాను, ఎవరూ కాదనలేదు.

చీమకుర్తి_స్లాబ్స్ · సోమవారం రాత్రి 10:22

పన్ను స్కీము అదే సార్, 25.17. బ్యాలెన్స్ షీట్‌లో అప్పు 14 కోట్లు. అందులో టర్మ్ లోన్లు 5, రోజువారీ వ్యాపారానికి వాడే సీసీ లిమిట్ 7, మిగతా 2 కోట్లు నాన్న, బాబాయి వేసిన అన్‌సెక్యూర్డ్ లోన్. దానికి వడ్డీ లేదు. షేర్ క్యాపిటల్, రిజర్వులు కలిపి 6 కోట్లు. క్వారీ వాళ్లకి బ్లాకుల బాకీ ఇంకో కోటిన్నర ఉంటుంది, అది కలపలేదు.

ఒంగోలు_అకౌంట్స్ · సోమవారం రాత్రి 10:30

క్వారీ బాకీ కలపక్కర్లేదు, దానికి వడ్డీ లేదు కదా. 14 అప్పు, 6 ఈక్విటీ. అంటే 70, 30. నాన్నగారి 2 కోట్లకి వడ్డీ సున్నా కాబట్టి అది ఇంకా మంచిదే, రేటు ఇంకా తగ్గుతుంది.

విలువ_లెక్క · సోమవారం రాత్రి 11:02

చివరి మాట దగ్గర ఆపుతున్నా, ఏమనుకోవద్దు సార్. కంపెనీ మొత్తం చూడాలి అన్నంత వరకు మీరు చెప్పింది నిజం. నాన్నగారి 2 కోట్లని సున్నా వడ్డీ అప్పుగా వేస్తే మాత్రం లెక్క పక్కదారి పడుతుంది.

ఆ డబ్బు పేరుకే అప్పు. కంపెనీ దెబ్బతింటే ముందు బ్యాంకుకి కట్టాక మిగిలితేనే అది వెనక్కి వస్తుంది. బ్యాంకు కూడా ఆ డబ్బు మధ్యలో తీసుకోమని రాయించుకునే ఉంటుంది. రిస్కులో అది షేర్ల పక్కనే కూర్చుంటుంది కాబట్టి ఈక్విటీలో వేయాలి. వడ్డీ తీసుకోలేదంటే ఆ డబ్బుకి ఖర్చు లేదని కాదు. వాళ్లు ఆ 2 కోట్లు ఇంకెక్కడైనా పెట్టి సంపాదించగలిగేవారు, దాన్ని వదులుకున్నారు. కాబట్టి అప్పు 12, పుస్తకం ప్రకారం ఈక్విటీ 8.

సీసీని అప్పులో ఉంచండి. ఏటా రెన్యూవల్ అంటారు కానీ మన దగ్గర అది ఎప్పటికీ తీరే అప్పు కాదు, కంపెనీకి శాశ్వతంగా ఉండే డబ్బే.

ఇక్కడ ఒకటి అడగాలి. ఈ మధ్య మీ కంపెనీలో ఎవరైనా వాటా అమ్మడం కానీ, బయటికి వెళ్లిపోవడం కానీ జరిగిందా?

చీమకుర్తి_స్లాబ్స్ · సోమవారం రాత్రి 11:15

నిరుడు మా మేనమామ బయటికి వెళ్లారు. ఆయనది పావు వాటా. 4.5 కోట్లకి సెటిల్ చేశాం. ఆయన పేరు మీద ఉన్న అన్‌సెక్యూర్డ్ లోన్ కూడా అందులోనే కలిపి. పెద్దమనుషులు కూర్చుని రెండు నెలలు లాగారు.

విలువ_లెక్క · సోమవారం రాత్రి 11:38

ఆ రెండు నెలలు నాకు చాలా పనికొస్తాయి. పావు వాటా 4.5 కోట్లంటే మొత్తం ఈక్విటీ 18 కోట్లు. పుస్తకంలో 8. మిషన్లు తరుగుదలకి తగ్గిపోయి ఉంటాయి, భూమి ఎప్పటిదో పాత రేటులో ఉంటుంది, అందుకే ఆ తేడా. కొనేవాడు, అమ్మేవాడు ఒప్పుకున్న ధర ఉండగా ఎప్పుడో రాసిన ధర పట్టుకోవడం ఎందుకు? ఈ రోజు మీ కుటుంబం ఈ కంపెనీలో ఉంచిన డబ్బు 18 కోట్లు. దాన్ని రేపు అమ్మేసి బయటికి తీసుకోవచ్చు కదా, అది వదిలేసి ఇక్కడే ఉంచినందుకు మీకు రాబడి కావాలి.

కాబట్టి 12 అప్పు, 18 ఈక్విటీ. 40, 60.

ఒంగోలు_అకౌంట్స్ · మంగళవారం ఉదయం 7:20

అయ్యా, మేనమామకిచ్చింది బంధుత్వం రేటు. కొందరు ఎక్కువ ఇస్తారు, కొందరు ముఖం చూసి తక్కువకి ఒప్పుకుంటారు. దాన్ని మార్కెట్ అంటే ఎలా?

విలువ_లెక్క · మంగళవారం ఉదయం 8:05

అనుమానం న్యాయమే. అందుకే దాన్ని ఇంకో దారిలో సరిచూసుకోవాలి. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు ఏడాది లాభం చెప్పమనండి. దానికి ఇలాంటి యూనిట్ చేతులు మారినప్పుడు ఎన్ని రెట్లు వస్తుందో వేసి, 12 కోట్ల అప్పు తీసేసి చూడండి. 15 వచ్చినా 20 వచ్చినా పెద్ద తేడా రాదు. 8 అన్నది మాత్రం తప్పే.

చీమకుర్తి_స్లాబ్స్ · మంగళవారం ఉదయం 8:30

ఆ లాభం 5 కోట్లు ఉంటుంది సార్. మా దగ్గర ఇలాంటి యూనిట్లకి ఐదు నుంచి ఆరు రెట్లు అడుగుతారు. అప్పు తీసేస్తే 13 నుంచి 18 మధ్య.

విలువ_లెక్క · మంగళవారం ఉదయం 8:48

అంటే 18 పై అంచున ఉంది. మేనమామగారికి కొంచెం మర్యాద చేశారనుకోవచ్చు. సరే, 18తోనే పోదాం, తర్వాత 13తో ఏమవుతుందో చూడొచ్చు.

కోట_రొయ్యలు · మంగళవారం ఉదయం 9:10

మధ్యలో దూరుతున్నా. మాది కోట దగ్గర రొయ్యల ప్రాసెసింగ్. మేం డాలర్ లోన్ తీసుకున్నాం, 7 శాతం లోపే. స్లాబులు ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లకి కూడా వస్తుంది కదా. 10.5 ఎందుకు, డాలర్ లోన్ తీసుకుని ఆ 7 పెట్టుకోండి. రేటు దానంతటదే దిగుతుంది.

విలువ_లెక్క · మంగళవారం ఉదయం 9:35

లోన్ తీసుకోవడం వేరే సంగతి, లాభమైతే తీసుకోమనండి. లెక్కలో మాత్రం డాలర్ వడ్డీ పెడితే పదేళ్ల డబ్బు కూడా డాలర్లలో రాయాలి. రూపాయి ఏటా కొంత పడుతుందని ముందే అనుకుని ఆ వడ్డీ తక్కువగా ఉంటుంది. ఇతని కరెంటు బిల్లు, డైమండ్ వైరు, కూలీ అన్నీ రూపాయల్లోనే రాశాడు. అమ్మకం కూడా రూపాయల్లోకి మార్చే వేశాడు. పైన రూపాయలు, కింద డాలర్ వడ్డీ అంటే విలువ ఊరికే ఉబ్బిపోతుంది.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ · మంగళవారం ఉదయం 11:20

నేను నెల్లూరులో ఉంటాను. బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసి రిటైర్ అయ్యాను. బ్యాంకు 75 శాతం ఎందుకిచ్చిందో ఎవరూ మాట్లాడలేదు, అది చెప్తాను.

బాబూ, ఈ లోన్‌కి సెక్యూరిటీ ఏమిచ్చారు? ఒక్క మిషన్ మీదే ఇచ్చారా?

చీమకుర్తి_స్లాబ్స్ · మంగళవారం మధ్యాహ్నం 12:05

కాదు సార్. మిషన్ హైపాథికేషన్, దానితోపాటు యూనిట్ భూమి, ఒంగోల్లో మా ఇల్లు. నాన్న, బాబాయి ఇద్దరి పర్సనల్ గ్యారంటీ. ఏడేళ్లలో తీర్చాలి.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ · మంగళవారం మధ్యాహ్నం 12:40

నేననుకున్నదే. ఇప్పుడు చిన్న లెక్క చూడండి. 4.5 కోట్లు ఏడేళ్లంటే మొదటి ఏడాది అసలు 64 లక్షలు, వడ్డీ సుమారు 47 లక్షలు. మొత్తం 1.11 కోట్లు కట్టాలి. ఈ మిషన్ ఒక్కదాని మీద వచ్చే డబ్బులో వడ్డీ కట్టకముందు, వడ్డీ మీద పన్ను ఆదా కూడా కలిపి, బ్యాంకు లెక్క ప్రకారం 1.22 కోట్లు ఉంటుంది. అంటే 1.1 రెట్లు. నా టేబుల్ మీదికి ఈ మిషన్ ఒక్కటే వేరే కంపెనీగా వచ్చి ఉంటే, ఆ 1.1 చూసి ఫైలు పక్కన పెట్టేవాణ్ణి. ఒక నెల బ్లాకులు రాకపోయినా కిస్తీ ఆగుతుంది.

మరి ఎందుకిచ్చారు? పాత యూనిట్ సంపాదన వెనక ఉంది, ఇల్లుంది, ఇద్దరి సంతకాలున్నాయి. 75 శాతం మిషన్ సంపాదించుకున్నది కాదు, మీ కంపెనీ, మీ ఇల్లు కలిసి సంపాదించి పెట్టినది. 10.5 వడ్డీ కూడా అంతే.

విలువ_లెక్క · మంగళవారం మధ్యాహ్నం 1:15

సార్ చెప్పింది ఈ థ్రెడ్‌కి అసలు పాయింటు. దాన్ని రేటులోకి ఎలా తేవాలో చూద్దాం.

మిషన్‌కి 75, 25 వేశారనుకోండి, రేటు 10. కొన్నారు. వచ్చే ఏడాది 3 కోట్లతో పాలిషింగ్ లైను కొనాలనుకుంటారు. అప్పటికి ఇల్లు, భూమి అన్నీ తాకట్టులో ఉంటాయి, బ్యాంకు ఇక చాలంటుంది. మొత్తం సొంత డబ్బే పెట్టాలి. ఇదే పద్ధతి ప్రకారం దానికి రేటు 16.5 అవుతుంది. పాలిషింగ్ లైను ఏటా 14 శాతం తెచ్చేదైనా పనికిరాదని పక్కన పెడతారు, మల్టీ వైర్ 11 తెచ్చేదైనా మంచిదని కొనేసి ఉంటారు. ఏది ముందు కొన్నారన్నదాన్ని బట్టి ఏది మంచిదో మారిపోతోంది. ఇలా వస్తోందంటే వేసిన బరువులు తప్పని అర్థం.

కంపెనీ ఎప్పటికీ మోయగలిగే అప్పు ఎంత, సొంతం ఎంత అన్న నిష్పత్తి ఒకటే ఉంటుంది. దాన్నే ఒకే రకం రిస్కు ఉన్న ప్రతి పనికీ వాడాలి. మీకది 40, 60 దగ్గర ఉంది.

చీమకుర్తి_స్లాబ్స్ · మంగళవారం సాయంత్రం 6:30

అది అర్థమైంది సార్. ఈక్విటీకి 16.5 ఎక్కడిది? మా బావ కూడా అదే అన్నాడు కానీ ఎలా వచ్చిందో చెప్పలేదు. మా కంపెనీ లిస్టయింది కాదు కదా.

విలువ_లెక్క · మంగళవారం రాత్రి 8:10

నేను చేసే తీరు ఇది. పదేళ్ల గవర్నమెంట్ బాండు రాబడి 7 శాతం అనుకుందాం. కొంచెం అటూఇటుగా ఉంటుంది, రౌండు చేస్తున్నా. మామూలు షేర్లలో డబ్బు పెట్టేవాడు దానిమీద అదనంగా ఇంకో 7 ఆశిస్తాడనుకుందాం. మీ వ్యాపారం మామూలు షేర్లకంటే ఎంత ఊగుతుందో చెప్పేదే బీటా.

లిస్టయిన గ్రానైట్ కంపెనీలు మన దగ్గర కొన్నే ఉన్నాయి. పోకర్ణ ఉంది కానీ దాని అమ్మకాల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్. అందుకే ఒక్క కంపెనీని పట్టుకోకుండా నిర్మాణ సామగ్రి రంగం సగటు తీసుకుంటాను. న్యూయార్క్ యూనివర్సిటీలో అశ్వత్ దామోదరన్ ప్రతి జనవరిలో రంగాలవారీగా పెడతాడు, ఇండియాకి వేరే ఫైలు ఉంటుంది. అప్పు ప్రభావం తీసేసిన బీటా తీసుకోవాలి. లెక్క కోసం 0.9 అనుకుందాం. దానికి మీ అప్పు బరువు మళ్లీ ఎక్కించాలి:

```
0.9 × (1 + (1 − 0.2517) × 12/18) = 1.35
7 + 1.35 × 7 = 16.45
0.40 × 7.86 + 0.60 × 16.45 = 13.0
```

మీ బావ 13 ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఒంగోలు_అకౌంట్స్ · మంగళవారం రాత్రి 8:45

సరే, ఈక్విటీ 16.45 ఒప్పుకున్నా. బుక్ ప్రకారం 12, 8 పెడితే 60, 40. 0.6 ఇంటూ 7.86, 0.4 ఇంటూ 16.45, మొత్తం 11.3. ఎన్‌పీవీ 40 లక్షలు ప్లస్. అప్పు చవక కాబట్టి అప్పు ఎక్కువుంటే రేటు తగ్గడం సహజమే కదా. అందుకే అందరూ అప్పు మీద నడుపుతారు.

విలువ_లెక్క · మంగళవారం రాత్రి 9:20

మీరు బరువులు మార్చారు కానీ 16.45 మార్చలేదు. 20 కోట్ల కంపెనీలో 12 అప్పు ఉంటే మిగతా 8 పెట్టినవాడి నెత్తిన రిస్కు ఎక్కువ పడుతుంది. వ్యాపారం కొంచెం తగ్గినా మొదట పోయేది అతని డబ్బే. అతను 16.45కి ఎందుకు ఒప్పుకుంటాడు? పై ఫార్ములాలో 12/18 తీసి 12/8 పెట్టండి. బీటా 1.91 అవుతుంది, ఈక్విటీ రేటు 20.4. ఇప్పుడు కలపండి: 0.6 ఇంటూ 7.86, 0.4 ఇంటూ 20.4. 12.9 వస్తుంది.

40 శాతం అప్పుకి 13.0, 60 శాతం అప్పుకి 12.9. అప్పు చవకే, కానీ పక్కనున్న ఈక్విటీని అది ఖరీదు చేస్తుంది. చివరికి మిగిలేది పన్ను ఆదా ఒక్కటే, దాన్ని కూడా బ్యాంకు మార్జినే తినేస్తుంది. 1958లో ఆర్థికవేత్తలు మోదిగ్లియానీ, మిల్లర్ చెప్పింది ఇదే. పన్ను సంగతి వాళ్లే 1963లో సవరించారు. మీ 11.3 రావడానికి కారణం ఒక చోట మార్చి రెండో చోట మార్చకపోవడమే.

అందుకే ఇందాక 15 వచ్చినా 20 వచ్చినా పెద్ద తేడా రాదన్నాను, 13 అయినా అంతే.

పొదిలి_మాష్టారు · మంగళవారం రాత్రి 10:00

కామర్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. విలువ_లెక్క గారూ, ఒక చిక్కు. ఆ ఫార్ములాలో అప్పుకి రిస్కు లేదని అనుకుంటారు. మరి బ్యాంకు గవర్నమెంట్ బాండు కంటే 3.5 ఎక్కువ తీసుకుంటోందంటే అప్పుకీ కొంత రిస్కు ఉన్నట్టే కదా? ఆ రిస్కు బ్యాంకు మోస్తుంటే ఈక్విటీ బీటా 1.35 కంటే తగ్గాలి. అప్పుడు మీ 13 కూడా తగ్గుతుంది.

విలువ_లెక్క · మంగళవారం రాత్రి 10:25

నిజమే మాష్టారూ. ఆ 3.5లో ఎంత బ్యాంకు ఖర్చు, ఎంత ఎగవేత భయం, ఎంత నిజమైన రిస్కు అన్నది విడదీయడం కష్టం. కొంత అప్పుకి బీటా ఇస్తే రేటు 12.5 దాకా దిగొచ్చు. ఇటువైపు చిన్న కంపెనీ, వాటా కావాలన్నప్పుడు అమ్ముకోలేరు, ఒక్క ఊరి రాయి మీదే ఆధారం అని ఈక్విటీకి 2 శాతం కలిపేవాళ్లున్నారు. అప్పుడు 14.2 అవుతుంది. నేను సాధారణంగా కలుపుతాను. కలపకూడదనేవాళ్ల వాదనలో కూడా బలం ఉంది, ఎందుకంటే ఆ 2కి చేతికందే ఆధారం తక్కువ.

పొదిలి_మాష్టారు · మంగళవారం రాత్రి 10:31

నేను కలపను. రిస్కు ఉంటే డబ్బు అంచనాలోనే తగ్గించి రాయాలి, రేటులో దాచకూడదు.

విలువ_లెక్క · మంగళవారం రాత్రి 10:34

అమ్ముకోలేకపోవడాన్ని ఏ ఏడాది డబ్బులో తగ్గిస్తారు మాష్టారూ?

పొదిలి_మాష్టారు · మంగళవారం రాత్రి 10:36

కుటుంబం అమ్మాలనే అనుకోనప్పుడు దానికి ధర ఎందుకు?

కోట_రొయ్యలు · బుధవారం ఉదయం 8:15

మీ ఇద్దరి గొడవ తేలేలా లేదు. నా సంగతి చెప్పండి. మేం ప్రాసెసింగ్ ప్లాంటు పక్కనే కోల్డ్ స్టోరేజ్ కట్టి బయటివాళ్లకి అద్దెకిద్దామనుకుంటున్నాం. కంపెనీ రేటు ఒకటే వాడాలన్నారు కదా. మా ప్రాసెసింగ్‌కి 16 వస్తుంది. దీనికీ 16 పెడితే కోల్డ్ స్టోరేజ్ ఎన్నటికీ కట్టలేను.

విలువ_లెక్క · బుధవారం ఉదయం 8:50

ఒకే రకం రిస్కు ఉన్న పనులకి అన్నాను, అది ముఖ్యం. మీ ప్రాసెసింగ్ ఎలా ఊగుతుందో మీకే తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు చూశారు కదా. కోల్డ్ స్టోరేజ్ అద్దె అలా పడిపోదు, ఏడాది కాంట్రాక్టు ఉంటే ఇంకా నిలకడ. దానికి గిడ్డంగుల రంగం బీటా తీసుకుని వేరే రేటు కట్టండి. మీ కంపెనీ రేటు పెడితే మంచి కోల్డ్ స్టోరేజ్ వదిలేస్తారు, ఇంకో ప్రాసెసింగ్ లైను మాత్రం సులభంగా పాసవుతుంది. కొన్నాళ్లకి కంపెనీ నిండా రిస్కు పనులే మిగులుతాయి.

అయితే అద్దెకుండేవాళ్లంతా రొయ్యల వాళ్లే అయితే సుంకం దెబ్బ వాళ్ల మీదుగా మీకూ వస్తుంది. అది చూసుకోండి.

కోట_రొయ్యలు · బుధవారం ఉదయం 8:58

నలుగురిలో ముగ్గురు రొయ్యల వాళ్లే 😀

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ · బుధవారం ఉదయం 10:30

రేటు సంగతి బాగా తేల్చారు. నాకు 1.10 కోట్ల మీద అనుమానం. ఈ అంకె బ్యాంకుకిచ్చిన ప్రాజెక్ట్ రిపోర్టులో నుంచి తీశారా? ఆ రిపోర్టులో క్యాష్ అక్రూవల్స్ అని ఉండే లైను లాభానికి తరుగుదల కలిపినది. అందులో వడ్డీ ముందే పోయి ఉంటుంది.

చీమకుర్తి_స్లాబ్స్ · బుధవారం మధ్యాహ్నం 12:45

ఇప్పుడే ఫైలు తీశాను సార్. అక్రూవల్స్ లైనులో మొదటి ఏడాది 75 లక్షలు ఉంది. లెక్కలు చూసే ఆయన 47 లక్షల వడ్డీలో పన్ను ఆదా తీసేసి 35 లక్షలు వెనక్కి కలిపి 1.10 చేశారు. తర్వాతి ఏళ్లలో వడ్డీ తగ్గి అక్రూవల్స్ పెరుగుతున్నాయి, వెనక్కి కలిపితే ప్రతి ఏడాదీ 1.10 దగ్గరే ఉంది.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ · బుధవారం మధ్యాహ్నం 1:10

అయితే ఆయన ఆ పని సరిగ్గా చేశారు. నేను చూసిన ఫైళ్లలో చాలామంది ఆ 75నే తీసుకుని దాన్నే డబ్ల్యూఏసీసీతో డిస్కౌంట్ చేసేవాళ్లు. వడ్డీ పైన ఒకసారి తీసేసి, కింద రేటులో ఇంకోసారి తీసేసినట్టు అవుతుంది. మంచి మిషన్ కూడా నష్టంలో కనిపిస్తుంది. గుర్తుపట్టడం తేలిక: లోన్ ఎక్కువ తీసుకునే కొద్దీ పై వరుసలో డబ్బు తగ్గుతుంటే, అందులో వడ్డీ ఉన్నట్టే.

ఒంగోలు_అకౌంట్స్ · బుధవారం మధ్యాహ్నం 2:00

ఇంకొకటి. మల్టీ వైర్ వస్తే కోత పెరుగుతుంది, యార్డులో బ్లాకుల స్టాకు పెరుగుతుంది, పార్టీల దగ్గర బాకీ పెరుగుతుంది. దానికి పెట్టే డబ్బు 6 కోట్లలో ఉందా? మీరంతా రేటులో అర శాతం దగ్గర కొట్టుకుంటున్నారు, ఇక్కడ 50 లక్షలు కనిపించకుండా పోతున్నాయేమో.

చీమకుర్తి_స్లాబ్స్ · బుధవారం మధ్యాహ్నం 2:20

లేదు సార్. స్టాకు మీద ఇంకో 40 లక్షలు లాక్ అవుతాయనుకుంటున్నా. పదో ఏడాది చివర్లో వెనక్కి వస్తాయి.

విలువ_లెక్క · బుధవారం రాత్రి 9:00

ఒంగోలు సార్‌కి దండం, అది ముఖ్యమైన మాట. మొదట్లో 40 లక్షలు కలపండి, పదో ఏడాది వెనక్కి వేయండి. 13 శాతంలో పదేళ్ల తర్వాతి 40 లక్షల విలువ ఈ రోజుకి దాదాపు 12 లక్షలే. అంటే 28 లక్షల దెబ్బ. 13 దగ్గర మీ మైనస్ 3 కాస్తా మైనస్ 31 అవుతుంది.

ఎక్సెల్‌లో వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. NPV ఫంక్షన్ మొదటి అంకెని ఏడాది తర్వాతిదనుకుంటుంది. ఈ రోజు పెట్టే డబ్బు C2లో మైనస్‌గా వేసి బయట కలపాలి:

```
=NPV(0.13, C3:C12) + C2
=IRR(C2:C12)
```

స్టాకు లేకుండా మీ మొదటి అంకెలతో ఐఆర్ఆర్, అంటే ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటు, 12.9 దగ్గర వస్తుంది. 12.5 అంటే కొనొచ్చు, 13 అంటే అంచున ఉంది, 14.2 అంటే 31 లక్షలు మైనస్. మాష్టారికీ నాకూ కుదరని చోటే మీ నిర్ణయం కూర్చుని ఉంది. మా ఇద్దరిలో ఒకరు గెలిచేదాకా ఆగక్కర్లేదు, ధర తగ్గించమని అడగండి. స్టాకు డబ్బు కూడా కలిపితే 13 దగ్గర మిషన్‌కి మీరు పెట్టగలిగేది 5.69 కోట్లు. 14.2 దగ్గర 5.4 కంటే కొంచెం తక్కువే.

చీమకుర్తి_స్లాబ్స్ · బుధవారం రాత్రి 9:25

అమ్మేవాళ్లు కొటేషన్‌లో 20 లక్షలు తగ్గిస్తామని మొన్నే అన్నారు. ఇంకో 10 అడగొచ్చు. నాన్నకి 5.7 అని చెప్తాను. 5.4 అంటే మాత్రం వాళ్లు ఫోనే ఎత్తరు.

పొదిలి_మాష్టారు · బుధవారం రాత్రి 9:40

5.7కి వస్తే తీసుకో నాయనా.

విలువ_లెక్క · బుధవారం రాత్రి 9:44

నేనైతే 5.5 దగ్గర ఆగుతాను.

సింహపురి_ట్రేడర్ · బుధవారం రాత్రి 9:52

మూడు రోజులుగా చదువుతున్నా. తమ్ముడూ, ఆ కొటేషన్‌లో ఫౌండేషన్, క్రేను, ఇన్‌స్టలేషన్ కలిసి ఉన్నాయా? మాకు ఐస్ ప్లాంటు పెట్టినప్పుడు అవన్నీ తర్వాత విడిగా అడిగారు.

చీమకుర్తి_స్లాబ్స్ · బుధవారం రాత్రి 9:58

ఫౌండేషన్ మాదే అన్నా. క్రేను సంగతి రేపు పొద్దున అడుగుతా.